నేల మీద రెండు తట్లు

నేను ఏడో తరగతి సగంలో బడి మానేశాను. మానేశాను అంటే ఏదో పెద్ద నిర్ణయం తీసుకున్నట్టు వినిపిస్తుంది గానీ, నిజానికి లెక్కల సారూ నేనూ ఒకరినొకరం భరించలేక మర్యాదగా విడిపోయాం. బడిలో నాకు బాగా వచ్చింది ఒక్కటే, కబడ్డీ. దానికి మార్కులు లేవు కాబట్టి నా చదువు గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

మాది కరీంనగర్‌లో బస్సెక్కితే గంటలో వచ్చే నేత ఊరు. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు నడుస్తాయి. బయటివాళ్లు వాటినే పవర్‌లూమ్‌లంటారు. మా ఆయన వాటిని నడుపుతాడు, నేను ముందు గదిలో బీడీలు చుడతాను. ఆ చప్పుడులో పదిహేడేళ్లు కాపురం చేసేసరికి మా ఇద్దరి గొంతులూ ఊరేగింపు మైకుల్లా తయారయ్యాయి. నేను ఇంట్లో రహస్యం చెబితే గల్లీ చివర కిరాణా దుకాణమాయన "ఔనా" అంటాడు.

మా బిడ్డ బడిలో కబడ్డీ బందు కావడానికి కారణం నేనే. ఒప్పుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

ఒక ఆదివారం గల్లీలో పోరగాళ్లు కబడ్డీ ఆడుతున్నారు. రైడర్‌ను పట్టడానికి ఒక్కొక్కడు పెళ్లిలో అక్షింతలు వేసినట్టు దూరం నుంచి చేతులు ఊపుతున్నాడు. నాకు కడుపు మండింది. బీడీల చాట పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు దోపి, "గట్ల కాదురా, డ్యాష్ అంటే గిట్ల" అని బయటికొచ్చాను. డ్యాష్ అంటే పరుగున వచ్చి భుజంతో రైడర్‌ను గుద్ది గీత బయటికి పంపడం. చూపించడానికి నాకో రైడర్ కావాలి. మా ఆయన దొరికాడు. ఆయన ఆడటం లేదు పాపం, చాయ్ గ్లాసు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడంతే. గ్లాసు ఎదురింటి గోడ దాకా పోయింది. ఆయన వాళ్ల ముగ్గు మీద పడ్డాడు. గల్లీ మొత్తం చప్పట్లు కొట్టింది.

నాలుగు రోజుల తర్వాత ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో ఒకడు అదే డ్యాష్‌ను బడిలో ఇంకో పిల్లవాడి మీద వాడాడు. ఆ పిల్లవాడు పడిపోతూ చెయ్యి చాపి నేలకు ఆనించాడు. ఒంటి బరువంతా ఆ చేతి మీదుగా భుజానికి పోయి కాలర్ బోన్ విరిగింది. వాళ్ల నాన్న బస్టాండు దగ్గర బండ్లకు సీటు కవర్లు కుట్టే భాయ్. బడి కమిటీ చైర్మన్ కూడా ఆయనే. హెడ్మాస్టరు సాయంత్రం బెల్లు కొట్టకముందే చెప్పేశాడు, ఈ ఏడు బడిలో కబడ్డీ బంద్ అని.

మా బిడ్డ తొమ్మిదో తరగతి. అమ్మాయిల టీంలో ఎడమ మూల డిఫెండరు. మండలం స్కూల్ ఆటలు మూడు వారాల్లో ఉన్నాయి. పోయిన ఏడాది ఆమెను బెంచీ మీదే కూర్చోబెట్టారు, ఈసారే టీంలోకి తీసుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగు విసిరేసింది.

"అవ్వా, గా డ్యాష్ నేర్పింది నువ్వేనట?"

"నేర్పలే బిడ్డా. ఊకె చూపెట్టిన. నేర్పుడు వేరు, చూపెట్టుడు వేరు."

"బొక్క ఇరిగింది పోరగానిది, ఆట బందైంది మాకు. మేమేం చేసినం?"

మా ఆయన షెడ్డులోంచి తల బయటపెట్టి, "నన్ను గుద్దినప్పుడు ఎవ్వలు బంద్ పెట్టలే" అన్నాడు.

"నీది బొక్క కాదు, చాయ్ గ్లాసు" అన్నాను. బిడ్డ నవ్వలేదు. రెండు వారాలు నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. అవసరాలు కూడా వాళ్ల నాన్నకే చెప్పేది.

అట్లా ఉండగా ఒక ఆదివారం పొద్దున ఆటల మేడం మా ఇంటికొచ్చింది. ఖానాపూర్ ఆమె. సన్నగా ఉంటుంది గానీ కూర్చుంటే నేలకు మేకు దిగినట్టు కూర్చుంటుంది. చేతిలో పొడుగు నోట్‌బుక్కు.

"అక్కా, నీ చూపెట్టుడుతోని నా ఆట బందైంది."

"మేడం, చాయ్ తాగుతరా?"

"తాగుత. గని చాయ్ పోసి ముచ్చట మార్చకు."

విషయం ఇది. మేడం హెడ్మాస్టరు చుట్టూ తిరిగి తిరిగి ఒక మాట తీసుకుంది. వచ్చే శనివారం కమిటీ ముందు ఒక్క పీరియడ్ కబడ్డీ పాఠం చెప్పాలి. దెబ్బ తగలకుండా రైడ్ ఎట్లా చేయాలో, ఎట్లా పట్టాలో, పిల్లలు చేసి చూపించాలి. చైర్మన్ భాయ్ సరే అంటే ఆట మొదలు, టీం మండలానికి పోతుంది. లేదంటే ఈ ఏడాదికి లేదు.

"గందుల నేనెందుకు?"

"ఆఖరికి ఏడుగురు ఆడపిల్లల మీదికి ఒక్క రైడర్ రావాలె. బరువుండాలె, ఆట తెల్వాలె. పిల్లలకు నువ్వంటె భయం లేదు, నీకు సిగ్గు లేదు. నాకు గంతే కావాలె."

ఇంత గౌరవంగా నన్నెవరూ బడికి పిలవలేదు. ఒప్పుకున్నాను. బిడ్డ తలుపు చాటు నుంచి, "మేడం, వేరే ఎవ్వలు దొరకలేరా?" అని అడిగింది. అది వేరే సంగతి.

నాకు తెలిసిన కబడ్డీ పాఠం మూడు ముక్కలు: పో, ముట్టు, ఉరుకు. మేడం పాఠం నాలుగు పేజీలుంది. మా బిడ్డ చదువుతుంటే విన్నాను. పైన లక్ష్యాలు. పీరియడ్ అయ్యేసరికి పిల్లలు కూత ఆపకుండా పోయి రాగలగాలి. జతలోని మనిషిని దెబ్బ తగలకుండా పట్టగలగాలి. ఆపమన్న క్షణంలో వదలగలగాలి. కింద టైములు. ఒళ్లు వేడెక్కడానికి ఎనిమిది నిమిషాలు, పడటం నేర్వడానికి అయిదు, రైడింగుకు పది, పట్టుకోవడానికి పన్నెండు, ఆటకు ఏడు, ఒళ్లు చల్లబడటానికి మూడు.

"పడుడు గుడ నేర్పుతరా? మేం ఉట్టిగనే పడెటోళ్లం" అన్నాను.

"గందుకే పోరడు దవఖానల పడ్డడు" అంది మేడం.

ఆ వారం బడి మైదానంలో నాకు నిజంగా చదువు మొదలైంది. ముందు మట్టి. పిల్లలు ఒక మూల గులకరాళ్లు ఏరి, తవ్వి, మట్టి జల్లెడ పట్టి, కట్టె కోత మిషను నుంచి రంపం పొట్టు తెచ్చి కలిపారు. నేను షెడ్డులోంచి తెగిన నూలు చెత్త రెండు గోనెసంచుల నిండా కుక్కి తెచ్చాను, పట్టు నేర్చుకోవడానికి బొమ్మగా. పిల్లలు దానికి పాత టోపీ పెట్టి "కొత్త సారు" అన్నారు. ఒక్క ప్రశ్నా అడగని, ఒక్క మాటా మాట్లాడని సారును వాళ్లు మొదటిసారి చూశారు, ప్రేమగా మోకాళ్ల దగ్గర పట్టి రోజుకు వందసార్లు పడగొట్టారు.

తర్వాత నా గోరు. బీడీ మూతి మడవడానికి బొటనవేలి గోరు పెంచుకుంటాను. మేడం నెయిల్ కట్టర్ పట్టుకుని వచ్చింది.

"గిది నా పనిముట్టు మేడం. గోరు లేకుంటె బీడీ మూతి మడువరాదు."

"పిల్ల చర్మం గుడ మడువరాదు. ఇయ్యి."

కత్తిరించింది. ఆ తర్వాత గాజులు, మట్టెలు, ముక్కుపుల్ల. చివరికి పుస్తెలతాడు దగ్గర ఆగాం. నేను మా ఆయన వైపు చూశాను. మేడం తన మెడ చూపించింది, ఖాళీగా ఉంది. "నేను రోజు గ్రౌండుకు వచ్చేముందు తీసి డబ్బల పెడుత. మా ఆయన ఇంకా మంచిగనే ఉన్నడు" అంది. మా ఆయన చెయ్యి చాపి, "తే, నేనేడికి పోత? గీడనే కూసుంట, కనవడకుంటె పిలువు" అన్నాడు. శనివారం కూడా ఆ తాడు జేబులో పెట్టుకుని పీరియడ్ అయ్యేదాకా జేబు మీద చెయ్యి తియ్యలేదు.

చీర కూడా కుదరదంది మేడం. పట్టుకుంటే ఒంటినే పట్టుకోవాలి, బట్ట పట్టి లాగితే తప్పు. నేను కట్టిన ఆరు గజాల్లో పట్టుకోవడానికి ఒంటికంటే బట్టే ఎక్కువ దొరుకుతుందట. మా ఆయన ట్రాక్ ప్యాంటు, బిడ్డ పాత టీ షర్టు వేసుకున్నాను. గల్లీలో నడుస్తుంటే కిరాణా ఆయన గుర్తుపట్టక "ఏం కావాలె తమ్మీ" అన్నాడు.

శనివారం పొద్దున పాత అలవాటు కొద్దీ పిక్కలకు కొబ్బరినూనె పూసుకున్నాను. మా కాలంలో రైడర్లందరం పూసుకునేవాళ్లం, పట్టు జారిపోవడానికి. బిడ్డ వాసన పట్టేసింది.

"అవ్వా! నూనె పెట్టొద్దని రూలున్నది."

"చలికాలం బిడ్డా, కాళ్లు పగులుతున్నయి."

"గిది చలికాలం కాదు."

బోరింగు దగ్గర సబ్బు పెట్టి కడిగించింది. పంపు కొట్టింది మా ఆయన. నా కాళ్లు అంత శుభ్రంగా పెళ్లిలో కూడా లేవు.

మూడో పీరియడ్‌కు కమిటీ వాళ్లు వేప చెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. హెడ్మాస్టరు మధ్యలో. ఆయన పక్కన చైర్మన్ భాయ్, భుజానికి పట్టీ వేసుకున్న కొడుకును వెంట తెచ్చుకున్నాడు. మేడం నమస్తే పెట్టగానే ఆయన సూటిగా చెప్పేశాడు.

"దేఖో మేడం, నాకు ఆట మీద కోపం లేదు. నా కొడుకు బొక్క మీద ప్రేమ, పావురం ఉన్నది. గంతే. ఇంగో పోరని బొక్క ఇరగదంటె నేనే సంతకం పెట్టమంట. ఫికర్ ఉన్నదంటె, మాఫ్ కర్నా."

మేడం విజిల్ ఊదింది. పిల్లలు మైదానం చుట్టూ నెమ్మదిగా పరుగెత్తారు, మోకాళ్లు పైకి లేపారు, చీలమండలు తిప్పారు, నడుములు వంచారు. తర్వాత పడటం. మోకాళ్లు వంచాలి, గడ్డం ఛాతీకి ఆనించాలి, చెయ్యి కర్రలా చాపి నేలకు పెట్టకూడదు, చెయ్యి ముడిచి భుజం వెనక భాగం మీదుగా దొర్లాలి. ముందు కూర్చుని, తర్వాత గొంతుక్కూర్చుని, ఆఖరికి నిలబడి. పట్టీ పిల్లవాడు చూసి చూసి, "అబ్బా, నేను చెయ్యి చాపిన. గట్ల దొర్లలే" అని వాళ్ల నాన్నతో అన్నాడు. భాయ్ కొడుకు వైపు ఒకసారి, మట్టి వైపు ఒకసారి చూశాడు.

రైడింగుకు పిల్లలు వరసగా మధ్య గీత దగ్గర నిలబడ్డారు. గీత దాటకముందే కూత మొదలవ్వాలి, తిరిగి గీత ముట్టేదాకా తెగకూడదు. ఒంగి, మునివేళ్ల మీద, డిఫెండర్లకు వీపు చూపకుండా. ఎవరినీ ముట్టకపోతే బాక్ లైన్ అనే లోపలి గీతనైనా ఒకసారి దాటి రావాలి. ముప్పై సెకన్లలో అన్నీ అయిపోవాలి. మేడం చేతి ముట్టు, కాలి బొటనవేలి ముట్టు ఒక్కొక్కటే చేయించింది. కాలు చాపి ముట్టాలి, తన్నకూడదు. ఒక పిల్ల కూత వేస్తూ వేస్తూ తుమ్మింది. ఔట్. హెడ్మాస్టరు కూడా నవ్వాడు.

అసలైనది పట్టు. అక్కడ కమిటీ కుర్చీలు ముందుకు జరిగాయి. ఎత్తు, బరువు సరితూగే పిల్లలను మేడం జతలుగా విడదీసింది. అమ్మాయిలకు అమ్మాయిలు, అబ్బాయిలకు అబ్బాయిలు. మొదట "కొత్త సారు" మీద, తర్వాత మోకాళ్ల మీద కూర్చుని మనిషి మీద, తర్వాత నడక మీద, ఆఖరికే పరుగు మీద.

"తల ఏడ ఉండాలె?" అని మేడం అరుస్తుంది.

"పక్కకు! మోకాలికి ఎదురు పెట్టొద్దు!"

"ఏం పట్టొద్దు?"

"మెడ, జుట్టు, బట్ట, నోరు!"

"కాళ్లతోని?"

"కత్తెర వెయ్యొద్దు!"

"ఉరికొచ్చి?"

ఇక్కడ ఇరవై ఎనిమిది మంది పిల్లలూ నా వైపు తిరిగి అన్నారు. "డ్యాష్ కొట్టొద్దు!"

భాయ్ మీసం కింద నవ్వుకోవడం నాకు కనిపించింది. నేను చప్పట్లు కొట్టాను, ఏం చేస్తాను.

ఇంకో రూలు మేడం ప్రత్యేకంగా చెప్పింది. పట్టులో ఉన్నవాళ్లకు నొప్పి లేస్తే నేల మీద గానీ పట్టినవాళ్ల ఒంటి మీద గానీ రెండు తట్లు తట్టాలి. తట్టగానే అందరూ చేతులు తీసి పైకెత్తాలి. విజిల్ కోసం కూడా ఆగకూడదు. మా కాలంలో ఇట్లాంటిది వింటే నవ్వేవాళ్లం. మాకు ఒకటే రూలు ఉండేది, పట్టినోణ్ని కూత తెగేదాకా ఇడువొద్దు. కూత తెగకపోతే వాడి నోరే మూసేవాళ్లం.

పిల్లలు జతల్లో చేశారు. తట్టు, చేతులు పైకి. తట్టు, చేతులు పైకి. భాయ్ గడ్డం నిమురుకుంటూ, "గిది మంచిగున్నది సార్" అన్నాడు హెడ్మాస్టరుతో. హెడ్మాస్టరు జేబులోంచి పెన్ను తీశాడు. నేను చూశాను. మా బిడ్డ కూడా చూసింది. ఆట ఏడు నిమిషాలు మిగిలింది.

అమ్మాయిలు ఏడుగురు ఒకరి చేతులొకరు పట్టుకుని గొలుసుగా నిలబడ్డారు. ఎడమ మూల మా బిడ్డ. నేను మధ్య గీత దగ్గర ఒంగి, ధైర్యం చెబుదామని ఆమెకు రహస్యంగా, "బిడ్డా, నేను నీ దిక్కే వస్త, తయారుండు" అన్నాను. నా రహస్యం సంగతి మీకు తెలుసు. వేప చెట్టు మీద కాకులు లేచాయి. హెడ్మాస్టరు, "అమ్మా, గిది ముందుగల్ల మాట్లాడుకున్న ఆటనా?" అని అడిగాడు. బిడ్డ కళ్లు మూసుకుంది.

కూత మొదలుపెట్టి వెళ్లాను. ఆడి ఇరవై అయిదేళ్లయింది. బాక్ లైన్ దాటగానే ఒళ్లు తనంతట తానే తేలికైంది. ఒక పిల్లను చూసి కన్ను కొట్టాను, ఇంకో పిల్ల మీదికి చెయ్యి విసిరాను, తిరగబోయాను. చీలమండకు మెత్తటి తాళం పడింది. మా బిడ్డ. తల బయటివైపే, రెండు చేతులూ చుట్టి. ఆమె పక్కనున్న పిల్ల నడుము పట్టింది, గొలుసు నుంచి మరో ఇద్దరు వచ్చారు. పాఠంలో చెప్పినట్టే భుజం మీదుగా పడ్డాను. కూత మాత్రం నడుస్తూనే ఉంది. మధ్య గీత రెండు బారల దూరంలో ఉంది.

ఇప్పుడు చెప్పే మాట రాయాలంటే ఇంకా చెవులు వేడెక్కుతాయి. ఆలోచించి చేయలేదు. చెయ్యే చేసింది. నేల మీద రెండు తట్లు తట్టింది.

నాలుగు జతల చేతులు టక్కున పైకి లేచాయి. నేను కూత ఆపకుండా కప్పలా దూకి మధ్య గీత మీద పడ్డాను.

"నాలుగు పాయింట్లు!" అని అరిచాను. "నలుగురు పట్టిన్రు, నలుగురు ఔట్!"

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాలుగు సాంచాలూ ఒకేసారి ఆగినప్పుడు ఇంట్లో ఎట్లా ఉంటుందో అట్లా. మా ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకుని నేల చూస్తున్నాడు. హెడ్మాస్టరు పెన్ను మూత పెట్టేశాడు.

భాయ్ లేచి గీత దాకా వచ్చాడు. కోపంగా అయినా రాలేదు, అదే నాకు కష్టమైంది.

"బెహన్, ఒక్క ముచ్చట. రేపు ఇంగో పోరడు నిజంగ నొప్పి లేసి తట్టిండనుకో. గీ పిల్లలు ఏమనుకుంటరు? గా నాడు ఆంటీ గిట్లనే నాటకం ఆడింది అనుకుంటరు. ఇడువరు. గప్పుడు బొక్క నీదా, నాదా?"

నేను చేసింది దొంగాట కాదు, అంతకంటే చెడ్డది. మేడం వారం రోజులు పిల్లల చేతులకు అలవాటు చేసిన నమ్మకాన్ని నాలుగు పాయింట్లకు వాడుకున్నాను. ఆ పాయింట్లు కూడా ఎవరూ రాసుకోని ఆటలో.

"బంద్ చేద్దాం మేడం" అన్నాడు హెడ్మాస్టరు.

"మేడం, ఇంకో రైడ్" అంది మా బిడ్డ. ముఖం ఎర్రగా ఉంది. నా వైపు చూడలేదు.

మేడం నోట్‌బుక్కు తీసి నిలబడే రాసింది, రాస్తూనే పైకి చదివింది. "తట్టిన రైడర్ ఔట్. నొప్పి నిజమైనా, అబద్ధమైనా ఔట్. పట్టినోళ్లు ముందు ఇడువాలె, తర్వాత అడగాలె." తర్వాత భాయ్ వైపు తిరిగింది. "తప్పు నాది భాయ్. గీ ఒక్క ముక్క రాసుడు మరిచిన. గిప్పుడు దొంగతట్టుకు లాభం లేదు."

"కాగితం మీద రాసుడు అల్కనే, చేసుడే కష్టం" అన్నాడు భాయ్, మళ్లీ కూర్చుంటూ. "ఇంగ మూడు నిమిషాలున్నయి. పట్టున్రి, సూద్దాం."

ఈసారి గీత దగ్గర ఒట్టు పెట్టుకున్నాను, చచ్చినా తట్టను అని. రహస్యాలు కూడా చెప్పలేదు. కూత పట్టి నేరుగా వెళ్లాను, కుడి మూలలో ఒక పిల్లను ముట్టాను, తిరిగాను. మళ్లీ అదే తాళం అదే చీలమండకు. నడుము పట్టు. పడ్డాను. అప్పటిదాకా బాగానే ఉంది.

రోజుకు ఎనిమిది గంటలు బాసింపట్టు వేసుకుని బీడీలు చుట్టే ఆడదానికి రెండో కాలు అని ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టలేదు. అదే పట్టేసింది. పిక్కలో ఎవరో తడిబట్ట పిండినట్టు. కూత తెగింది, ఊపిరి కూడా తెగింది. ఒట్టు గుర్తుకొచ్చింది. ఇంకో అర నిమిషం పళ్లు కొరుకుదామనుకున్నాను. నా వల్ల కాలేదు. రెండు తట్లు తట్టాను.

తట్టిన వెంటనే నాకు భయమేసింది. ఎందుకంటే వాళ్ల స్థానంలో నేనుంటే, దేవుడి మీద ఒట్టు, వదిలేదాన్ని కాదు. మూడు నిమిషాల కిందట మోసం చేసిన మనిషి మళ్లీ తడితే ఇంకా గట్టిగా పట్టి, పిక్క మీద కూర్చునేదాన్ని.

చేతులన్నీ లేచాయి. అన్నీ ఒకేసారి. నా ఒంటి మీద ఒక్క వేలు లేదు.

ఏడుగురు పిల్లలు చేతులు పైకెత్తి నా చుట్టూ నిలబడ్డారు, పోలీసులు పట్టుకున్న దొంగల్లాగా. "నాటకం మేడం!" అంది ఒకతి. "ఆంటీ మల్ల షురూ చేసింది!" అంది ఇంకొకతి. చేతులు మాత్రం దించలేదు. మా బిడ్డ ముఖంలో నమ్మకం ఆవగింజంత కూడా లేదు. ఆమె చేతులు అందరికంటే పైకున్నాయి.

"పిక్క! పిక్కనే! నా బిడ్డ మీద ఒట్టు!" అని నేను దొర్లుతున్నాను.

"నా మీద పెట్టకు" అంది బిడ్డ, చేతులు దించకుండానే.

మేడం వచ్చి కాలు చాపించి పాదాన్ని మోకాలి వైపుకు వంచింది. పిక్క రాయిలా గట్టిపడి ఉండటం చేతికి తెలిసి, "నిజమే" అంది. పిల్లలు అప్పుడు నోళ్లు మూసుకున్నారు. మా ఆయన నీళ్ల చెంబుతో పరుగెత్తుకొచ్చాడు, సగం నా మీదే పోశాడు. ఆయనకు ఆ చాయ్ గ్లాసు గుర్తుందని నా అనుమానం.

భాయ్ కుర్చీ వదిలి మట్టిలో నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. నన్ను కాదు, పిల్లల చేతులను చూస్తున్నాడు.

"నమ్మకుండనే ఇడిసిన్రు" అన్నాడు. వెనక్కి తిరిగి హెడ్మాస్టరుతో మళ్లీ అన్నాడు. "సార్, నమ్మి ఇడుసుడు పెద్ద ముచ్చట గాదు. గీళ్లు నమ్మకుండ ఇడిసిన్రు. రాయున్రి."

హెడ్మాస్టరు పెన్ను మూత తీశాడు. మేడం నోట్‌బుక్కులో సంతకం పెట్టాడు, పక్కన రెండు షరతులు రాశాడు. డ్యాష్ ఎవరూ ఎక్కడా కొట్టకూడదు. మేడం లేకుండా నేను ఎవరికీ ఏదీ చూపెట్టకూడదు. రెండో దాన్ని అందరికీ వినబడేలా చదివాడు. గల్లీలో కూడానా అని అడిగాను. గల్లీలో కూడా అన్నాడు.

పట్టీ పిల్లవాడు వాళ్ల నాన్న చొక్కా లాగాడు. "అబ్బా, నేను గుడ?"

"డాక్టర్ చెప్పినంక. గప్పటి దాక గా దొర్లుడు సూసి నేర్సుకో." తర్వాత మేడంతో, "దుకాణంల పాత ఫోము ముక్కలు మస్తున్నయి. రెండు పరుపులు కుట్టి పంపుత. గా దొర్లే కాడ ఏసుకోండ్రి" అన్నాడు. నా వైపు చూసి, "బెహన్, నీ పిక్కకు గుడ ఒకటి కుట్టాల్నా?" అన్నాడు.

మిగిలిన మూడు నిమిషాలూ పిల్లలు కూర్చుని కాళ్లు చాపి ఒళ్లు చల్లబరుచుకున్నారు. నేను కూడా వాళ్ల వరసలో కూర్చుని చాపాను, ఇరవై అయిదేళ్ల తర్వాత బడిలో ఒక పీరియడ్ చివరిదాకా ఉన్నాను.

ఇంటికి నడుస్తుంటే మా ఆయన పుస్తెలతాడు ఇచ్చి, "లెక్కవెట్టుకో, పుస్తెలు, గుండ్లు అన్ని ఉన్నయా" అన్నాడు. నేను కుంటుతున్నాను. బిడ్డ నాలుగు అడుగులు ముందు నడుస్తోంది. మా గల్లీ మలుపు దగ్గర ఆగింది.

"అవ్వా, నిజంగనే పట్టేసిందా?"

"నిజంగనే బిడ్డా."

"నాకైతె అబద్ధమే అనిపించింది."

"మరి ఎందుకిడిసినవ్?"

"తట్టినవ్ గద" అంది, ఇంతకంటే తెలివితక్కువ ప్రశ్న ఉండదన్నట్టు.

కొంచెం దూరం నడిచాక మళ్లీ అంది. "మండలం ఆటలు ఇంక వారమే ఉన్నయి. నేను రోజు చీలమండ పట్టు చేసుకోవాలె. బీడీలు చుట్టేటప్పుడు కాలు చాపి కూసో."

"ఏ కాలు?"

"మంచిగున్నది."

మరుసటి రోజు పొద్దున నేను చాట ఒళ్లో పెట్టుకుని మంచి కాలు గడప దాకా చాపి కూర్చున్నాను. గోరు లేకపోవడంతో బీడీ మూతులు సరిగ్గా మడత పడటం లేదు. బిడ్డ వాకిట్లోంచి ఒంగి వచ్చి, తల పక్కకు పెట్టి, చీలమండ చుట్టి పట్టింది. గట్టి పట్టు. నేను ఏమీ అనకుండా ఆకు మడుస్తూ కూర్చున్నాను. ఆమె పట్టు సరిగ్గా కుదిరిందని తనకే తెలిసేదాకా తట్టలేదు.